పాస్‌బుక్కులో ఒక వడ్డీ, పోర్టల్‌లో ఇంకో వడ్డీ

పాస్‌బుక్కు ముందేసుకుని కూడితే వచ్చిన వడ్డీ రూ.73,300. ఆదాయపన్ను పోర్టల్‌లో వడ్డీ అని కనిపించిన అంకెలన్నీ కూడితే రూ.2,89,300. రిటర్నులో చూపాల్సింది మాత్రం ఈ రెండూ కాదు, రూ.1,55,700. మనిషి ఒక్కడే, డిపాజిట్లు అవే, ఆర్థిక సంవత్సరం కూడా ఒకటే. లెక్క మాత్రం మూడు రకాలుగా తేలింది.

ఇది కాకినాడలో స్థిరపడిన ఒక రిటైర్డ్ డిగ్రీ కాలేజీ లెక్చరరు గారి ఖాతా అనుకుందాం. వయసు అరవై ఆరు. మనిషి ఊహే గాని, ఆయన ఖాతాల్లోని చిక్కులు ఏ బ్యాంకులో ఏ పెన్షనరు దగ్గరైనా కనిపించేవే. 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు ఆయనకు వచ్చిన పెన్షను రూ.11 లక్షలు. పెన్షను వచ్చే బ్యాంకులోనే ఒక సేవింగ్స్ ఖాతా, రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నాయి. ఎప్పుడో సొంతూళ్లో గ్రామీణ బ్యాంకులో వేసిన రూ.2 లక్షలు ఇంకోచోట ఉన్నాయి. అంతకు మించి ఏమీ లేదు. షేర్లు లేవు, అద్దెలు లేవు. ఇంత సాదా లెక్కలోనే మూడు అంకెలు ఎలా పుట్టాయో చూస్తే, రిటర్ను వేసే ముందు దేన్ని దేనితో పోల్చుకోవాలో తెలుస్తుంది.

ముందు పాస్‌బుక్కు సంగతి. సేవింగ్స్ ఖాతాలో మూడు నెలలకోసారి వడ్డీ జమైంది: రూ.2,140, రూ.1,985, రూ.2,310, రూ.2,065. మొత్తం రూ.8,500. ఇందులో పేచీ లేదు. సేవింగ్స్ వడ్డీ మీద బ్యాంకు టీడీఎస్ కొయ్యదు కాబట్టి పడ్డదంతా పడ్డట్టే కనిపిస్తుంది.

మొదటి డిపాజిట్ రూ.10 లక్షలు, 7.2 శాతం వడ్డీ, మూడు నెలలకోసారి చేతికొచ్చే రకం. అంటే ప్రతిసారీ రూ.18,000 రావాలి. పాస్‌బుక్కులో మాత్రం రూ.16,200 చొప్పునే ఉంది. మిగతా రూ.1,800 టీడీఎస్ కింద పోయింది. ఆయన చేతికి వచ్చిందే వడ్డీ అనుకుని నాలుగు సార్లకు రూ.64,800 అని రాసుకున్నారు. ఇది చాలామంది చేసే పొరపాటు. పన్నుగా కోసిన సొమ్ము కూడా ఆయన ఆదాయమే. ఆయన తరఫున బ్యాంకు దాన్ని ముందే ప్రభుత్వానికి కట్టింది. రిటర్నులో చూపాల్సింది రూ.72,000. కోసిన రూ.7,200ను ముందే కట్టిన పన్నుగా వేరే చోట చూపించి వెనక్కి అడగాలి.

రెండో డిపాజిట్ దగ్గర పాస్‌బుక్కు అసలు నోరే విప్పదు. 2024 ఏప్రిల్ మొదటి వారంలో రూ.8 లక్షలు రెండేళ్లకు, 7 శాతానికి, వడ్డీ అసలులో కలిసిపోయే క్యుములేటివ్ పద్ధతిలో వేశారు. గడువు 2026 ఏప్రిల్‌లో. మధ్యలో సేవింగ్స్ ఖాతాకు ఒక్క రూపాయీ రాదు. అందువల్ల ఈ ఏడాది దీని మీద వడ్డీ సున్నా అని ఆయన లెక్క. బ్యాంకు లెక్క అలా ఉండదు. మూడు నెలలకోసారి వడ్డీ కట్టి అసలుకు కలుపుతూ పోతుంది. మొదటి ఏడాది సుమారు రూ.57,500, రెండో ఏడాది సుమారు రూ.61,600. అలా కలిపినప్పుడే ఆ వడ్డీ ఖాతాదారుడికి చెల్లించినట్టు లెక్క, దాని మీద అప్పుడే టీడీఎస్ కోస్తుంది. ఆయన సేవింగ్స్ ఖాతాలో అక్కడక్కడా టీడీఎస్ పేరుతో వెయ్యిన్నర చొప్పున డెబిట్లు కనిపిస్తాయి. ఏవో బ్యాంకు చార్జీలనుకుని వదిలేసినవి అవే. ఏడాదికి అవి రూ.6,160.

ఇక గ్రామీణ బ్యాంకులోని రూ.2 లక్షలు. ఏడాది గడువు తీరినప్పుడల్లా దానంతట అదే రెన్యువల్ అయిపోతుంది. వడ్డీ రూ.13,600 అందులోనే కలిసింది. ఆ పుస్తకం ప్రింటింగు మిషను ముఖం చూసి చాలా కాలమైంది. లెక్కలోకే రాలేదు.

రూ.8,500, రూ.64,800. కూడితే రూ.73,300. మొదటి అంకె అలా వచ్చింది.

రెండో అంకె పుట్టిన చోటు ఏఐఎస్, అంటే వార్షిక సమాచార నివేదిక. ఆదాయపన్ను శాఖ దీన్ని 2021 నవంబరులో తెచ్చింది. అంతకుముందు నుంచీ ఉన్న 26ఏఎస్ ప్రధానంగా టీడీఎస్ చిట్టా. ఎవరు ఎంత కోశారు, ఎంత జమ చేశారు అన్నదే అందులో ముఖ్యం. టీడీఎస్ కోయని సేవింగ్స్ వడ్డీ, చిన్న డిపాజిట్ల వడ్డీ అందులో కనిపించవు. ఏఐఎస్‌లో అవీ వస్తాయి. పోర్టల్‌లో లాగిన్ అయి `AIS` మీద నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుంటుంది. పీడీఎఫ్‌గా దించుకుంటే అది పాస్‌వర్డ్ అడుగుతుంది. పాన్ చిన్న అక్షరాల్లో, దాని వెంటనే పుట్టిన తేదీ ఎనిమిది అంకెల్లో కొట్టాలి. పాన్ `AAAAA1234A`, పుట్టిన తేదీ 1960 జనవరి 21 అయితే `aaaaa1234a21011960` అన్నమాట. ఇక్కడే ఆగిపోయి ఆడిటరు గారికి ఫోను చేసేవాళ్లు తక్కువేం కాదు.

ఏఐఎస్‌లో బ్యాంకు వడ్డీ రెండు దారుల్లో వచ్చి చేరుతుంది. ఒకటి టీడీఎస్ దారి. పన్ను కోసిన ప్రతి సంస్థా మూడు నెలలకోసారి శాఖకు లెక్క పంపాలి. డిపాజిట్ వడ్డీ విషయంలో ఆ వరుస ముందు `TDS-194A` అని ఉంటుంది. రెండోది ఎస్‌ఎఫ్‌టీ అనే వార్షిక నివేదిక దారి. పన్ను కోసినా కోయకపోయినా, ఎవరికి ఎంత వడ్డీ ఇచ్చామో బ్యాంకులు, పోస్టాఫీసులు ఏడాదికోసారి మే 31లోగా చెప్పాలి. ఆ వరుసల ముందు సేవింగ్స్ వడ్డీకి `SFT-016(SB)` అని, డిపాజిట్ వడ్డీకి `SFT-016(TD)` అని కనిపిస్తుంది.

అంటే పన్ను కోసిన డిపాజిట్ వడ్డీ రెండు దారుల్లోనూ వస్తుంది. అదే సొమ్ము రెండు చోట్ల కూర్చుంటుంది.

లెక్చరరు గారి ఏఐఎస్‌లో `TDS-194A` కింద పెన్షను బ్యాంకు పేరుతో రూ.1,33,600 ఉంది. రూ.72,000, రూ.61,600 కలిపితే వచ్చేది అదే. దాని పక్కన కోసిన పన్ను రూ.13,360. కిందికి వెళితే `SFT-016(TD)` దగ్గర మళ్లీ అదే బ్యాంకు, మళ్లీ రూ.1,33,600. ఆ తర్వాత సేవింగ్స్ రూ.8,500, గ్రామీణ బ్యాంకు రూ.13,600. ప్రభుత్వమే చూపించిందిగదా అని అన్నీ కలిపితే రూ.2,89,300.

ఏఐఎస్‌తో పాటే టీఐఎస్ అని ఒక సారాంశం ఉంటుంది. రెండు దారుల్లో వచ్చిన ఒకే వడ్డీని గుర్తుపట్టి ఒకసారే లెక్కేయడం దాని పని. సాధారణంగా గుర్తుపడుతుంది. టీడీఎస్ నివేదికలోని అంకె, ఎస్‌ఎఫ్‌టీలోని అంకె తేడాగా ఉన్నా, బ్యాంకు రెండు నివేదికలను వేర్వేరు ఆఫీసుల పేర్ల మీద పంపినా పొరబడే అవకాశం ఉంది. రిటర్ను ఫారంలో ముందే నింపి కనిపించే వడ్డీ అంకె ఈ సారాంశం నుంచి వచ్చేదే. దాన్ని చూడకుండా ఓకే కొట్టేస్తే ఏమవుతుందో లెక్చరరు గారి లెక్కతోనే చూడొచ్చు.

ఆయన కొత్త పన్ను విధానంలో ఉన్నారు. పెన్షను రూ.11 లక్షల్లోంచి స్టాండర్డ్ డిడక్షన్ రూ.75,000 పోతే రూ.10,25,000. దీనికి అసలు వడ్డీ రూ.1,55,700 కలిపితే మొత్తం రూ.11,80,700. ఈ ఏడాదికి కొత్త విధానంలో రూ.12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఉంది కాబట్టి పన్ను సున్నా. బ్యాంకు కోసిన రూ.13,360 మొత్తం రిఫండుగా వెనక్కి వస్తుంది. అదే వడ్డీ రెండుసార్లు పడి రూ.2,89,300 అయితే ఆదాయం రూ.13,14,300కు ఎగబాకుతుంది. రూ.12 లక్షల గీత దాటగానే రిబేటు పోతుంది. నాలుగు లక్షల నుంచి ఎనిమిది దాకా 5 శాతం లెక్కన రూ.20,000, అక్కడి నుంచి పన్నెండు దాకా 10 శాతం లెక్కన రూ.40,000, ఆపైన రూ.1,14,300 మీద 15 శాతం లెక్కన రూ.17,145. దాని మీద 4 శాతం సెస్సు. అన్నీ కలిపి సుమారు రూ.80,230. రూ.13,360 వెనక్కి రావాల్సిన మనిషి ఇంకో రూ.66,870 జేబులోంచి తీయాలి. లేని ఆదాయానికి!

తక్కువ చూపితే వచ్చే చిక్కు వేరే రకం. రూ.73,300 చూపినా ఆయనకు పన్ను సున్నాయే. అలాంటప్పుడు శాఖకు పోయిందేముంది అనిపించవచ్చు. కానీ ఆయన రూ.13,360 రిఫండు అడుగుతున్నారు. ఆ టీడీఎస్ రూ.1,33,600 వడ్డీ మీద కోసింది. ఏ ఆదాయం మీద పన్ను కోశారో ఆ ఆదాయం రిటర్నులో కనిపిస్తేనే ఆ టీడీఎస్ మీద హక్కు ఉంటుంది. వడ్డీ సగం చూపించి టీడీఎస్ మొత్తం అడిగిన రిటర్ను దగ్గర రిఫండు ఆగుతుంది, వివరణ అడుగుతారు. వడ్డీ, డివిడెండు తేడాల కోసమే కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2024 ఫిబ్రవరిలో పోర్టల్‌లో ఒక ఏర్పాటు తెచ్చింది. బ్యాంకులు చెప్పిన అంకెకూ రిటర్నులోని అంకెకూ తేడా ఉన్నవాళ్లకు 2021-22, 2022-23 ఆర్థిక సంవత్సరాల లెక్కల మీద సందేశాలు వెళ్లాయి. అంటే ఎప్పుడో వేసి మరిచిపోయిన రిటర్ను కూడా మళ్లీ ముందుకు రావచ్చు.

ఇక సరైన అంకె ఎలా దొరుకుతుంది? పాస్‌బుక్కును ఏఐఎస్‌తో నేరుగా పోల్చడం వల్ల పని జరగదు. ఒకదాంట్లో చేతికొచ్చింది ఉంటుంది, ఇంకోదాంట్లో లెక్కకట్టింది ఉంటుంది. ఈ రెంటి మధ్య ఉండాల్సిన కాగితం బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్. నెట్ బ్యాంకింగులోనో మొబైల్ యాప్‌లోనో ఆర్థిక సంవత్సరం ఎంచుకుంటే వస్తుంది. లేదంటే బ్రాంచిలో అడిగితే ఇస్తారు. ఒక్కో ఖాతా నంబరు ఎదురుగా ఆ ఏడాది వడ్డీ, కోసిన పన్ను విడివిడిగా ఉంటాయి. క్యుములేటివ్ డిపాజిట్‌కు కలిపిన వడ్డీ కూడా ఇందులో కనిపిస్తుంది. పాస్‌బుక్కు దాచిపెట్టిన రూ.61,600 మొదటిసారి బయటపడేది ఇక్కడే. ఒకే బ్యాంకులో రెండు కస్టమర్ నంబర్లు ఉన్నవాళ్లు రెండిటికీ సర్టిఫికెట్లు తీసుకోవాలి. పెళ్లికి ముందు ఒక ఊళ్లో, తర్వాత ఇంకో ఊళ్లో ఖాతా తెరిచిన ఆడవాళ్లకు ఇలా రెండు నంబర్లు ఉండటం మామూలే.

సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని ఏఐఎస్‌లో ఆ వరుస మీద నొక్కితే అది విచ్చుకుంటుంది. ఎస్‌ఎఫ్‌టీ వరుసలో ఖాతా నంబర్ల వారీగా వడ్డీ కనిపిస్తుంది. టీడీఎస్ వరుసలో మాత్రం ఏ తేదీన ఎంత మీద ఎంత కోశారో తేదీల వారీగా ఉంటుంది. లెక్చరరు గారి ఎస్‌ఎఫ్‌టీలో రెండు ఖాతాలు, ఒకదాని ఎదురుగా రూ.72,000, ఇంకోదాని ఎదురుగా రూ.61,600. సర్టిఫికెట్‌లోనూ అవే. టీడీఎస్ తేదీలన్నీ కూడితే మళ్లీ రూ.1,33,600. అంటే రెండు వరుసలూ ఒకటే సొమ్ము. మొత్తాలు దగ్గరగా ఉన్నాయని మాత్రమే చూసి రెండూ ఒకటేనని తేల్చేయకూడదు. ఒక డిపాజిట్ మీద టీడీఎస్ కోసి, ఇంకో డిపాజిట్ మీద కోయని సందర్భాల్లో ఎస్‌ఎఫ్‌టీ అంకె పెద్దదిగా ఉంటుంది. అక్కడ ఖాతా నంబర్లు చూడకపోతే నిజమైన వడ్డీని తీసేసుకునే ప్రమాదం ఉంది.

గ్రామీణ బ్యాంకు వరుస దగ్గర ఆయన ఒక క్షణం ఆగిపోతారు. ఆయన డబ్బు వేసింది చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకులో. ఏఐఎస్‌లో ఉన్నది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆ పేరుతో ఒక్కటయ్యాయి. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడూ ఇలాగే చాలామందికి తమకు తెలియని బ్యాంకు నుంచి వడ్డీ వచ్చినట్టు కనిపించింది. పేరు కొత్తగా ఉందని ఆ వరుసను తనది కాదని కొట్టిపారేసే ముందు ఖాతా నంబరు చూడాలి. పాత నంబరు మారి ఉండొచ్చు కాబట్టి అవసరమైతే బ్రాంచికి ఫోను చేయాలి.

ఈ డిపాజిట్ మీద టీడీఎస్ లేకపోవడానికి కారణం ఉంది. 2025 ఏప్రిల్ నుంచి అరవై దాటినవాళ్లకు ఒక బ్యాంకులో ఏడాది డిపాజిట్ వడ్డీ రూ.లక్ష దాటితేనే టీడీఎస్ కోస్తారు. మిగతావాళ్లకు ఆ పరిమితి రూ.50,000. అంతకుముందు ఇవి రూ.50,000, రూ.40,000గా ఉండేవి. పరిమితి పెరగడంతో పన్ను కోయని వడ్డీ పెరిగింది. పన్ను కోయలేదంటే పన్ను లేదని అర్థం చేసుకునేవాళ్లూ పెరిగారు. ఫారం 15హెచ్ ఇచ్చినవాళ్లదీ ఇదే వరస. పన్ను కోయొద్దని బ్యాంకును కోరే కాగితం అది. వడ్డీని ఆదాయంలోంచి తీసేసే కాగితం కాదు. ఎస్‌ఎఫ్‌టీ దారిలో ఆ వడ్డీ యథాప్రకారం శాఖకు చేరుతుంది.

దీనికి ఉల్టా కూడా ఉంది. ఏఐఎస్‌లో లేని వడ్డీ సంగతి. పాన్ ఇవ్వని పాత ఖాతా, నివేదిక సరిగా పంపని సహకార సంఘం, చేబదులు ఇచ్చిన మనిషి కట్టిన వడ్డీ. ఇవేవీ పోర్టల్‌లో కనిపించకపోవచ్చు. కనిపించనంత మాత్రాన ఆదాయం కాకుండా పోదు. సుకన్య సమృద్ధి, పీపీఎఫ్ వడ్డీ వేరే సంగతి. వాటికి పన్నే లేదు. శాఖ నుంచి నిరుడు ఆలస్యంగా వచ్చిన రిఫండు మీద ఇచ్చిన వడ్డీకి మాత్రం పన్ను ఉంది. చాలామంది మరిచిపోయేది అదే.

తేడా తేలాక ఏఐఎస్‌లోనే ఆ మాట చెప్పే వీలుంది. ప్రతి వరుస పక్కన ఫీడ్‌బ్యాక్ బటన్ ఉంటుంది. నొక్కితే వచ్చే జవాబుల్లో సమాచారం సరిగానే ఉందని, పూర్తిగా సరికాదని, వేరే పాన్‌ది లేదా వేరే ఏడాదిదని, ఇంకో వరుసలో ఇది వచ్చేసిందని, అసలు నాది కాదని ఉంటాయి. రెండుసార్లు పడ్డ వడ్డీకి `Information is duplicate/included in other information` సరైన జవాబు. దాన్ని ఎస్‌ఎఫ్‌టీ వరుస దగ్గర చెప్పడం మంచిది. టీడీఎస్ వరుసకు కోసిన పన్ను ముడిపడి ఉంది కాబట్టి దాన్ని కదిలించకపోవడమే మేలు. జవాబు పెట్టగానే సారాంశంలోని అంకె తగ్గుతుంది. బ్యాంకు చెప్పిన అసలు అంకె పక్కనే అలాగే ఉంటుంది, చెరిగిపోదు. కొన్ని రకాల జవాబులను నిర్ధారణ కోసం బ్యాంకుకే పంపుతారు. బ్యాంకు ఒప్పుకుందా, కాదందా అన్నది 2024 మే నుంచి ఏఐఎస్‌లోనే కనిపిస్తోంది.

ఫీడ్‌బ్యాక్‌తో తీరని తప్పు ఒకటుంది. టీడీఎస్ అంకెే తప్పయితే, ఉదాహరణకు బ్యాంకు రూ.13,360 కోసి రూ.11,560 అనే రాసి పంపితే, ఫీడ్‌బ్యాక్ ఎన్నిసార్లు పెట్టినా మిగతా రూ.1,800 రాదు. బ్యాంకు తన టీడీఎస్ నివేదికను సవరించి పంపాలి. అప్పుడే 26ఏఎస్ మారుతుంది. అందుకే బ్యాంకు ఇచ్చే ఫారం 16ఏ చేతిలో ఉండాలి. చివరి మూడు నెలలది జూన్ 15 నాటికి వస్తుంది. ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో ఏఐఎస్ చూసి లెక్క తేలిపోయిందనుకోవడం తొందరపాటు. అప్పటికి బ్యాంకుల వార్షిక నివేదికలే రాలేదు. జూన్ మూడో వారం నుంచి జులై మొదటి పక్షం మధ్య చూస్తే అంకెలు స్థిరపడి ఉంటాయి, బ్యాంకుతో దిద్దించుకోవడానికి కొంత వ్యవధీ మిగులుతుంది. చూసిన రోజు పీడీఎఫ్‌ను దాచుకోవడం మంచిది. తర్వాత బ్యాంకు సవరణ పంపితే అంకె మారుతుంది, అప్పుడు ఎందుకు అలా చూపారో చెప్పడానికి ఆ కాపీయే ఆధారం.

జాయింట్ డిపాజిట్ల దగ్గర ఇళ్లలో ఒక వాదన నడుస్తుంది. లెక్చరరు గారి రూ.10 లక్షల డిపాజిట్‌లో భార్య పేరు రెండోది. ఏఐఎస్‌లో రూ.72,000 మొత్తం మొదటి పేరు మీదే పడింది. చెరి సగం వేసుకుంటే పోదా అని ఇంట్లో మాట వచ్చింది. పేరు ఎవరిది ముందుందన్నదాన్ని బట్టి గాని, ఇద్దరున్నారు కదా అని గాని ఇది తేలదు. డబ్బు ఎవరిదన్నదే ముఖ్యం. ఆయన గ్రాట్యుటీ సొమ్ముతో వేసిన డిపాజిట్ అయితే వడ్డీ మొత్తం ఆయనదే. భార్యకు బహుమతిగా ఇచ్చి ఆమె పేరున వేసినా ఆ వడ్డీ ఆయన ఆదాయంలోనే కలుస్తుంది. అదే ఆమె పుట్టింటి పొలం అమ్మగా వచ్చిన డబ్బయితే వడ్డీ ఆమెది. అలాంటప్పుడు పన్ను ఆమె పాన్ మీద కోయమని బ్యాంకుకు ముందుగానే రాసివ్వాలి. ఏడాది గడిచాక ఏఐఎస్‌లో వేరే పాన్‌ది అని ఫీడ్‌బ్యాక్ పెట్టి, ఆమె రిటర్నులో వడ్డీ చూపొచ్చు గాని, కోసిన టీడీఎస్ ఆయన ఖాతాలోనే చిక్కుకుని ఉంటుంది. ఆ ముడి విప్పడానికి పట్టే శ్రమ కంటే కొత్త డిపాజిట్ వేసే రోజే పేర్ల వరుస చూసుకోవడం తేలిక.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ ఇక్కడ ఎన్నార్వో ఖాతా ఉన్నవాళ్లకు పైన చెప్పిన టీడీఎస్ పరిమితులేవీ వర్తించవు. మొదటి రూపాయి నుంచే 30 శాతం, దాని మీద సెస్సు కోస్తారు, సేవింగ్స్ వడ్డీ మీద కూడా. వాళ్లకు ఏఐఎస్‌తో సరిచూసుకోవడం దాదాపు ఎప్పుడూ రిఫండు కోసమే.

సరైన అంకె దొరికాక దాన్ని ఎక్కడ రాయాలన్నది మిగిలింది. ఇతర ఆదాయాల దగ్గర సేవింగ్స్ వడ్డీకి ఒక గడి, డిపాజిట్ వడ్డీకి ఒక గడి, రిఫండు మీది వడ్డీకి ఒక గడి వేర్వేరుగా ఉన్నాయి. లెక్చరరు గారికి మొదటి దాంట్లో రూ.8,500, రెండో దాంట్లో రూ.1,47,200. అన్నీ కలిపి చివర్న ఉన్న `Others` గడిలో పడేసే అలవాటు కొందరికి ఉంది. మొత్తం ఆదాయం మారదు గాని, కంప్యూటరు బ్యాంకు చెప్పిన వరుసకు ఎదురుగా చూసుకున్నప్పుడు అక్కడ సున్నా కనిపిస్తుంది. 2024లో సందేశాలు అందుకున్నవాళ్లలో ఇలాంటివారు ఉండొచ్చనే బోర్డు వారికి జవాబు ఇవ్వనక్కర్లేదని, ఆ తేడా దానంతట అదే ముగిసిపోతుందని చెప్పాల్సి వచ్చింది. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు గడులు సరిగా పడటం ఇంకా అవసరం. అరవై దాటినవాళ్లకు సేవింగ్స్, డిపాజిట్ వడ్డీల మీద కలిపి రూ.50,000 దాకా, మిగతావాళ్లకు సేవింగ్స్ వడ్డీ మీద మాత్రమే రూ.10,000 దాకా మినహాయింపు ఉంది. కొత్త విధానంలో ఈ రెండూ లేవు.

క్యుములేటివ్ డిపాజిట్ వడ్డీని ఏటా చూపాలా, గడువు తీరాక ఒకేసారి చూపాలా అన్నది ఎప్పుడూ వచ్చే ప్రశ్న. చేతికొచ్చినప్పుడే చూపే పద్ధతిని చట్టం కాదనదు, కాకపోతే ఏటా అదే పాటించాలి. ఆచరణలో అది తలనొప్పి. ఏఐఎస్ ఏటా వడ్డీ చూపిస్తుంది, టీడీఎస్ ఏటా పడుతుంది, ఆదాయం చూపని ఏడాది టీడీఎస్‌ను ఐటీఆర్-2లో తర్వాతి ఏటికి మోసుకెళ్లాలి. పైగా రెండేళ్ల వడ్డీ రూ.1,19,100 ఒకే ఏడాది మీద పడితే, రూ.12 లక్షల గీతకు రూ.19,300 దూరంలో ఉన్న ఈ పెన్షనరు లాంటివాళ్లు గీత దాటిపోతారు. ఏటా చూపుకుంటూ పోవడమే ఆయనకు లాభం.

అలా చూపాలంటే ఆయన ఇంకో పని చేయాలి. 2024-25 రిటర్ను తీసి, మొదటి ఏడాది రూ.57,500 అందులో చూపారో లేదో చూసుకోవాలి. చూపి ఉండకపోతే దానికి అప్‌డేటెడ్ రిటర్ను వేసే వీలుంది, అదనపు పన్నుతో. చూపి ఉంటే, డిపాజిట్ రసీదు జిరాక్సు వెనక ఏ ఏడాది ఎంత చూపారో రాసి పెట్టుకోవాలి. ఎందుకంటే 2026 ఏప్రిల్‌లో ఆయన ఖాతాలో ఒకేసారి రూ.9,19,100 జమవుతుంది. అందులో రూ.1,19,100 వడ్డీ అని పాస్‌బుక్కు చెబుతుంది. వచ్చే ఏడాది ఏఐఎస్‌లో మాత్రం ఈ డిపాజిట్ ఎదురుగా ఏప్రిల్ తొలి రోజుల వడ్డీ, నాలుగైదు వందల రూపాయలో ఎంతో, అంతే కనిపిస్తుంది. అప్పుడు తీసుకోవాల్సింది పాస్‌బుక్కులోని పెద్ద అంకె కాదు, ఏఐఎస్‌లోని ఆ చిన్న అంకె.